విదేశీ క్లయింట్ డబ్బు ఏ దారిన తెప్పించుకోవాలి, రుజువు ఎవరి దగ్గర దొరుకుతుంది

విదేశాల నుంచి డబ్బు తెప్పించుకునేవాళ్లలో చాలామంది ఒక్క రేటు మాత్రమే చూస్తారు. ఎవరు తక్కువ కోస్తారు, ఎవరు త్వరగా వేస్తారు, అంతే. కాగితం సంగతి జీఎస్టీ ఆఫీసు నుంచి నోటీసు వచ్చినప్పుడో, వీసా ఫైలు కట్టుకునేటప్పుడో గుర్తొస్తుంది. అప్పటికి ఏడాది గడిచిపోయి ఉంటుంది. బ్రాంచికి పోతే అక్కడి గుమాస్తా స్టేట్‌మెంట్ చూసి, "ఇది నెఫ్ట్‌లో వచ్చిన డబ్బండీ, మేం ఎఫ్‌ఐఆర్‌సీ ఇవ్వలేం" అని పంపించేస్తాడు. ఎఫ్‌ఐఆర్‌సీ అంటే విదేశం నుంచి డబ్బు వచ్చిందని బ్యాంకు ఇచ్చే సర్టిఫికెట్. నిజానికి ఆ గుమాస్తా తప్పు చెప్పడం లేదు. మనం వెళ్లిన గడప వేరు.

ఇక్కడ పట్టుకోవాల్సిన సూత్రం ఒకటే. డాలర్ ఏ బ్యాంకు దగ్గర రూపాయిగా మారిందో, రుజువు ఇవ్వగలిగేది ఆ బ్యాంకే. మన ఖాతా ఉన్న బ్యాంకు చేతికి డాలర్లు వస్తే మన బ్యాంకు ఇస్తుంది. దారిలో ఇంకో బ్యాంకు వాటిని మార్చి, మనకు రూపాయల్లో పంపితే మన బ్యాంకు కంటికి అది హైదరాబాద్ నుంచి ఎవరో వేసిన డబ్బులాగే కనపడుతుంది. కింద చెప్పే పోలికంతా ఈ సూత్రం మీదే నడుస్తుంది.

ఒక కేసు తీసుకుందాం. విజయవాడలో ఇంట్లో కూర్చుని ఆస్టిన్‌లోని ఒక చిన్న కంపెనీకి వెబ్‌సైట్ పనులు చేసిపెట్టే అమ్మాయి. నెలకు 2,000 డాలర్ల ఇన్వాయిస్. లెక్క సులువుగా ఉండటానికి డాలర్‌కు 85 రూపాయలు అనుకుందాం. మీరు చదివే రోజు రేటు వేరే ఉంటుంది, అది పట్టించుకోవద్దు. నెలకు 1,70,000 రూపాయలు, ఏడాదికి 20,40,000. సేవలు అందించేవాళ్లకు జీఎస్టీ గీత 20 లక్షల దగ్గర ఉంది, ఎగుమతులు కూడా ఆ లెక్కలోకే వస్తాయి కాబట్టి ఈ అమ్మాయి రిజిస్ట్రేషన్ చేయించుకోక తప్పదు. ఏటా RFD-11 ఫారంలో ఎల్‌యూటీ అనే హామీపత్రం వేసి, పన్ను కట్టకుండా ఇన్వాయిస్ ఇస్తోంది. ఈమె ముందు మూడు దారులున్నాయి.

మొదటి దారి: నేరుగా బ్యాంకుకు స్విఫ్ట్

క్లయింట్ తన బ్యాంకుకు వెళ్లి, లేదా యాప్‌లో, మన పేరు, ఖాతా నంబరు, మన బ్యాంకు స్విఫ్ట్ కోడ్ ఇచ్చి వైర్ పంపుతాడు. డాలర్లు మధ్యలో ఒకటి రెండు కరెస్పాండెంట్ బ్యాంకుల మీదుగా మన బ్యాంకుకు చేరతాయి. మన బ్యాంకు వాటిని తన రేటుకు మార్చి ఖాతాలో వేస్తుంది.

ఖర్చు మూడు చోట్ల దాక్కుని ఉంటుంది. దారిలోని బ్యాంకు కొంత కోసుకుంటుంది, ఇక్కడ 20 డాలర్లు అనుకుందాం. మన బ్యాంకు ఇచ్చే రేటు మార్కెట్ రేటు కన్నా తక్కువ ఉంటుంది, 85కి బదులు 83.90 ఇచ్చిందనుకుందాం. అప్పుడు 1,980 డాలర్లకు 1,66,122 రూపాయలు. కరెన్సీ మార్చినందుకు జీఎస్టీ వేస్తారు. దానికి నిర్ణీత లెక్క ఉంది. లక్ష నుంచి పది లక్షల మధ్య మొత్తానికి మొదటి లక్షకు 1,000 రూపాయలు, మిగతా దానిలో అర శాతం కలిపి, ఆ వచ్చినదాని మీద 18 శాతం. ఈ కేసులో సుమారు 240 రూపాయలు. బ్యాంకు ఇన్‌వర్డ్ చార్జీ పన్నుతో కలిపి మరో 295 అనుకుంటే చేతికి వచ్చేది సుమారు 1,65,590. అంటే 4,400 దాకా పోయింది. ఇందులో దాదాపు సగం ఏ చార్జీగానూ కనపడదు, రేటులోనే కలిసిపోయి ఉంటుంది. అందుకే "మా దగ్గర ఇన్‌వర్డ్ చార్జీ లేదు" అన్న బ్యాంకును అడగాల్సింది "ఇవాళ మీ టీటీ బయ్యింగ్ రేటు ఎంత?" అని. అంటే వైర్‌లో వచ్చిన డాలర్‌ను బ్యాంకు కొనే రేటు.

రుజువు విషయంలో మాత్రం ఇది రాజమార్గం. డాలర్లు మన బ్యాంకుకే వచ్చాయి కాబట్టి ఇన్‌వర్డ్ రెమిటెన్స్ అడ్వైస్ అక్కడే దొరుకుతుంది. కొన్ని బ్యాంకులు నెట్ బ్యాంకింగ్‌లోనే పెడుతున్నాయి, కొన్ని మెయిల్‌కు పంపుతాయి, ఇంకొన్ని చోట్ల బ్రాంచిలో ఉత్తరం రాసిచ్చి చార్జీ కట్టాలి. స్టేట్‌మెంట్‌లో కూడా విదేశీ కంపెనీ పేరు చాలాసార్లు కనపడుతుంది. డబ్బు దారిలో చిక్కుకుంటే అతని బ్యాంకు పంపిన స్విఫ్ట్ మెసేజ్, అంటే ఎంటీ103 కాపీ, క్లయింట్‌ను అడగండి. ఆ మెసేజ్‌లో 71A అనే గడిలో OUR, SHA, BEN అని మూడింట్లో ఒకటి ఉంటుంది. OUR అంటే చార్జీలన్నీ పంపినవాడివి, SHA అంటే చెరికొంత, BEN అంటే మొత్తం మన మీదే. నెలనెలా 20 డాలర్లు తగ్గి వస్తుంటే గొడవ పడేముందు ఈ గడి చూడండి.

రెండో దారి: వర్చువల్ ఖాతా ఇచ్చే ప్లాట్‌ఫారమ్‌లు

వీళ్లు మన పేరు మీద అమెరికాలో ఒక ఖాతా నంబరు ఇస్తారు. క్లయింట్‌కు అది మామూలు లోకల్ ట్రాన్స్‌ఫర్, వైర్ ఫీజు ఉండదు. అక్కడ చేరిన డాలర్లను వాళ్లతో ఒప్పందమున్న భారతీయ బ్యాంకు రూపాయల్లోకి మార్చి, నెఫ్ట్‌లోనో ఐఎంపీఎస్‌లోనో మన ఖాతాకు పంపుతుంది. ఇలా ఎగుమతుల డబ్బు వసూలు చేసే సంస్థల కోసం రిజర్వ్ బ్యాంకు 2023 అక్టోబర్ 31న క్రాస్ బోర్డర్ పేమెంట్ అగ్రిగేటర్ నిబంధనలు తెచ్చింది. ఒక్కో వస్తువు లేదా సేవ మీద 25 లక్షల రూపాయల పరిమితి పెట్టింది. నెలకు 2,000 డాలర్ల మనిషికి ఆ పరిమితి అడ్డం రాదు.

ఫీజు ఒక్కో సంస్థది ఒక్కో రకం. మార్కెట్ రేటే ఇచ్చి ఒక శాతం తీసుకుంటుందనుకుంటే 1,700 రూపాయలు, దాని మీద 18 శాతం జీఎస్టీ 306. చేతికి సుమారు 1,67,990 వస్తుంది. స్విఫ్ట్ కన్నా 2,400 ఎక్కువ. ఏడాదికి లెక్కేస్తే దగ్గర దగ్గర 29 వేలు.

ఇబ్బంది మొదలయ్యేది స్టేట్‌మెంట్‌లో. అదే క్లయింట్, అదే ఇన్వాయిస్, కానీ రెండు దారుల్లో పాస్‌బుక్ లైను ఇలా వేరుగా పడుతుంది:

```
INWARD REM USD 1980.00 @83.90 <client name>
NEFT CR <platform> ESCROW A/C INV-0147
```

రెండో లైనులో డాలర్ ఊసే లేదు. జీఎస్టీ అధికారి దీన్ని చూసి "డబ్బు రూపాయల్లో, మన దేశం లోపలి నుంచే వచ్చింది కదా, ఇది ఎగుమతి ఎలా అవుతుంది?" అని అడిగితే ఆ ప్రశ్నలో అర్థముంది. సేవ ఎగుమతిగా లెక్కలోకి రావాలంటే చెల్లింపు మార్చుకోదగిన విదేశీ కరెన్సీలో రావాలనీ, రిజర్వ్ బ్యాంకు అనుమతించిన సందర్భాల్లోనే రూపాయల్లో రావచ్చనీ ఐజీఎస్టీ చట్టం సెక్షన్ 2(6) చెబుతుంది. దీనికి సమాధానం మీ బ్రాంచిలో దొరకదు. డాలర్లు మార్చిన ఆ భాగస్వామి బ్యాంకు ఇచ్చిన అడ్వైస్ చూపించాలి. అది ప్లాట్‌ఫారమ్ డాష్‌బోర్డులో ఉంటుంది.

కాబట్టి ఖాతా తెరిచేముందు రేటు కన్నా ముందు అడగాల్సినవి రెండు. ప్రతి చెల్లింపుకూ విడిగా ఎఫ్‌ఐఆర్‌ఏ అనే అడ్వైస్ ఇస్తారా, లేక నెలకొకసారి అన్నీ కలిపి ఇస్తారా? నా ఎగుమతిదారు కోడ్, అంటే ఐఈసీ నంబరు ఇస్తే ఆ రెమిటెన్స్ వివరం విదేశీ వాణిజ్య డైరెక్టరేట్ వాళ్ల డీజీఎఫ్‌టీ పోర్టల్‌కు వెళ్తుందా? ఈ రెంటికీ మెయిల్లో స్పష్టంగా జవాబు చెప్పలేని సంస్థ పావు శాతం తక్కువ తీసుకున్నా నేనైతే దాని జోలికి పోను.

మూడో దారి: పేపాల్

క్లయింట్‌కు ఇంతకన్నా సుఖం లేదు, మనకు ఇంతకన్నా ఖరీదు లేదు. 4.4 శాతం ఫీజు, దానిపైన కొన్ని సెంట్లు, కరెన్సీ మార్పిడిలో మరో 3 శాతం అనుకుంటే 2,000 డాలర్లకు చేతికి వచ్చేది సుమారు 1,57,600. పన్నెండు వేలు పైన పోయింది. పేపాల్ మన దేశంలో డబ్బును ఖాతాలో నిల్వ ఉంచనివ్వదు, తనంతట తనే బ్యాంకుకు పంపేస్తుంది. రుజువు నెలవారీగా డౌన్‌లోడ్ చేసుకోవచ్చు. కాగితం వైపు నుంచి చూస్తే తప్పు పట్టడానికేమీ లేదు, జేబు వైపు నుంచి చూస్తేనే బాధ. కొత్త క్లయింట్ మొదటి 100 డాలర్ల పని ఇస్తూ "పేపాల్ తప్ప నాకు తెలియదు" అంటే సరే అనండి. రెండో నెల నుంచి మార్పించండి.

ఇంతకీ ఆ అమ్మాయికి ఏది? నెలకు 2,000 డాలర్ల దగ్గర, రుజువు సరిగ్గా ఇచ్చే ప్లాట్‌ఫారమ్ దొరికితే రెండో దారే. 300 డాలర్ల చిన్న ఇన్వాయిస్‌లైతే ఇక ఆలోచించేదే లేదు, స్విఫ్ట్‌లో ఆ 20 డాలర్ల కోతే దాదాపు 7 శాతం అయిపోతుంది. ఒక్కసారే 15 వేల డాలర్లు వచ్చే పనైతే లెక్క తిరగబడవచ్చు. అప్పుడు కోత ఆ 20 డాలర్లే, రేటు మీద బ్రాంచి మేనేజరుతోనో ఫారెక్స్ డెస్కుతోనో ముందుగా బేరమాడవచ్చు. పెద్ద మొత్తానికి రేటు సవరించడం బ్యాంకులకు మామూలే, అడగనివాళ్లకు మాత్రం బోర్డు మీద రేటే పడుతుంది.

ఇంకో దారి కూడా మనవాళ్లలో తరచూ వినపడుతుంది. "మా బావ డాలస్‌లో ఉన్నాడు, క్లయింట్ ఆయన ఖాతాలో వేస్తాడు, ఆయన ఇక్కడి ఖాతా నుంచి నాకు రూపాయలు వేస్తాడు" అని. ఖర్చు సున్నా, నిజమే. కానీ మీ ఇన్వాయిస్‌కు విదేశీ డబ్బు మీకు వచ్చినట్టు ఏ బ్యాంకూ చెప్పదు, విదేశీ మారకద్రవ్య చట్టం ఫెమా కింద చిక్కు వేరే, బావగారికి అక్కడి పన్ను లెక్కలో తలనొప్పి వేరే. దీన్ని పోలికలో చేర్చడం లేదు.

కాగితం మీద ఏం చూడాలి

బ్యాంకులో అందరూ ఎఫ్‌ఐఆర్‌సీ అనే అడుగుతారు. ఇప్పుడు సాధారణంగా చేతికి వచ్చేది ఎఫ్‌ఐఆర్‌ఏ, అంటే విదేశం నుంచి డబ్బు వచ్చిందని తెలిపే అడ్వైస్. ఈ-బీఆర్‌సీ ఇంకోటి. అది డీజీఎఫ్‌టీ పోర్టల్‌లో పుడుతుంది, వచ్చిన డబ్బును ఫలానా ఇన్వాయిస్‌కు ముడివేస్తుంది. 2023 నవంబర్ నుంచి ఎగుమతిదారులే దాన్ని సొంతంగా తయారుచేసుకునే వీలు వచ్చింది. బ్యాంకు పంపిన రెమిటెన్స్ వివరం పోర్టల్‌లో కనపడుతుంది, దానికి మన ఇన్వాయిస్ జతచేయాలి. ఇందుకు ఐఈసీ కావాలి, ఫీజు 500 రూపాయలు. సేవలు ఎగుమతి చేసే ప్రతివాళ్లకూ ఐఈసీ తప్పనిసరి కాదు. అయితే రీఫండ్ అడిగే ఆలోచన ఉంటే తీసిపెట్టుకోవడమే మంచిది.

అడ్వైస్ వచ్చిన రోజే తెరిచి నాలుగు చోట్ల చూడండి. మన పేరు, పంపినవాళ్ల పేరు, విదేశీ కరెన్సీ మొత్తం, డబ్బు ఎందుకు వచ్చిందో చెప్పే పర్పస్ కోడ్. ఎక్కువ కేసులు పాడయ్యేది చివరిదాని దగ్గర. ఉద్యోగం చేసుకుంటూ పక్కన పని చేసేవాళ్ల క్లయింట్లు ఒక్కోసారి వ్యక్తిగత రెమిటెన్స్ యాప్‌లో పంపుతారు. అక్కడ కారణం అడిగితే మొదట కనపడిన "కుటుంబ ఖర్చులు" నొక్కేస్తారు. కాగితం మీద P1301 పడుతుంది, అంటే విదేశాల్లోని మనవాళ్లు ఇంటికి పంపే డబ్బు. సాఫ్ట్‌వేర్ కన్సల్టెన్సీకి ఉండాల్సింది P0802. ఒక ప్రభుత్వ విభాగానికి ఎగుమతి అని చెప్పి, బ్యాంకు రికార్డులో కుటుంబ ఖర్చు అని ఉంటే రెండూ పొసగవు. వెంటనే ఇన్వాయిస్, కాంట్రాక్టు జతచేసి కోడ్ మార్చమని డబ్బు మార్చిన బ్యాంకుకు రాతపూర్వకంగా ఇవ్వాలి. పాతబడేకొద్దీ ఈ సవరణ కష్టమవుతుంది.

మొత్తంలో తేడా గురించి టెన్షన్ పడక్కర్లేదు. ఇన్వాయిస్ 2,000, అడ్వైస్ 1,980 అని ఉంటే ఆ 20 డాలర్లు పుస్తకాల్లో బ్యాంకు చార్జీల కింద రాస్తారు. ఇన్వాయిస్‌నే 1,980కి తగ్గించి రాసేయడం మాత్రం వద్దు. క్లయింట్ మీకు కట్టింది 2,000. పంపినవాళ్ల పేరు దగ్గర క్లయింట్ బదులు ప్లాట్‌ఫారమ్ పేరు ఉంటే ఆ నెల లావాదేవీల రిపోర్టు కూడా దించి పక్కన పెట్టండి, అందులో క్లయింట్ పేరు, ఇన్వాయిస్ నంబరు ఉంటాయి.

ఎల్‌యూటీ మీద ఇన్వాయిస్ ఇచ్చినవాళ్లకు గడువు కూడా ఉంది. సేవల విషయంలో ఇన్వాయిస్ తేదీ నుంచి ఏడాదిలోపు డబ్బు రాకపోతే, ఫెమా కింద గడువు పొడిగించి ఉంటే తప్ప, పన్ను వడ్డీతో కట్టాల్సి వస్తుంది. డబ్బు వచ్చినా వచ్చినట్టు చూపించలేకపోతే చిక్కు అదే. కంప్యూటర్, ఇంటర్నెట్ బిల్లుల మీద కట్టిన పన్ను వెనక్కి అడిగేవాళ్లు దరఖాస్తుతోపాటే ఇన్వాయిస్ నంబర్లు, వాటికి ఎదురుగా బీఆర్‌సీ లేదా ఎఫ్‌ఐఆర్‌సీ నంబర్లు పెట్టిన పట్టిక ఇవ్వాలి. ఆదాయపు పన్ను రిటర్న్‌కు ఇవేవీ జతచేయనక్కర్లేదు, పరిశీలనకు పిలిస్తే చూపించాలి.

నా సలహా ఏమిటంటే ఇన్వాయిస్ నంబరు పేరుతో ఒక ఫోల్డరు పెట్టి, అందులో ఇన్వాయిస్, అడ్వైస్, స్టేట్‌మెంట్‌లో ఆ లైను ఉన్న పేజీ మూడూ వేసేయడం. ప్లాట్‌ఫారమ్ డాష్‌బోర్డులో ఉన్నాయిలే అని ఊరుకోకండి. ఖాతా మూసేసినా, ఆ సంస్థ భాగస్వామి బ్యాంకును మార్చినా పాత కాగితాల కోసం వెంటపడాల్సింది మనమే.

వీసా దగ్గర ఇదే కాగితం వేరేలా పనికొస్తుంది

వీసా అధికారికి పర్పస్ కోడ్ అక్కర్లేదు. ఆయన చూసేది ఈ మనిషికి నిలకడైన ఆదాయం ఉందా, ఖాతాలో ఉన్న డబ్బు ఈ మనిషిదేనా అని. షెంజెన్‌కు సాధారణంగా మూడు నెలల స్టేట్‌మెంట్ అడుగుతారు, బ్రిటన్‌కు ఆరు నెలలది పెట్టడం రివాజు. అమెరికా విజిటర్ వీసాకు హైదరాబాద్ కాన్సులేట్‌లో ఇంటర్వ్యూ మాటల మీదే ఎక్కువ నడుస్తుంది, ఫైలు తెరవకుండానే పంపించేసిన సందర్భాలు బోలెడు. అయినా ఫారంలో రాసిన ఆదాయానికీ రిటర్న్‌కూ పొంతన ఉండాలి.

ఇక్కడ ఫ్రీలాన్సర్లకు ఒక ప్రత్యేకమైన చిక్కు ఉంది. 1961 ఆదాయపు పన్ను చట్టంలోని 44ADA పద్ధతి వర్తించేవాళ్లు వచ్చిన మొత్తంలో సగం ఆదాయంగా చూపించవచ్చు. అలా చూపిస్తే మన విజయవాడ అమ్మాయి స్టేట్‌మెంట్‌లో 20,40,000 కనపడుతుంది, రిటర్న్‌లో ఆదాయం 10,20,000 ఉంటుంది. తెలియనివాళ్లకు ఇది దాచినట్టు అనిపిస్తుంది. కవరింగ్ లెటర్లో రెండు వాక్యాలు రాసి, రిటర్న్‌లో స్థూల రాబడి చూపిన పేజీ కూడా జతచేస్తే సరిపోతుంది. దానితోపాటు ఒకే పేజీలో ఆరు నెలల జమలు తేదీవారీగా రాసి, ప్రతి దాని ఎదురుగా ఇన్వాయిస్ నంబరు, అడ్వైస్ నంబరు, డాలర్ మొత్తం పెట్టండి. ఎస్క్రో పేరుతో వచ్చిన నెఫ్ట్ జమలు విదేశీ జీతంలాంటి ఆదాయమని ఆ పేజీ చూస్తే తెలిసిపోతుంది. అడ్వైస్‌లన్నీ గుట్టగా పెట్టడం కన్నా ఆ పేజీ, క్లయింట్ కాంట్రాక్టు, రెండు మూడు నమూనా అడ్వైస్‌లు చాలు.

ఈ డబ్బుకు విడిగా ఒక ఖాతా ఉంచితే వీసాకూ పన్నుకూ రెంటికీ పని తేలిక. చిట్టీ పాట డబ్బు, స్నేహితుడు తిరిగిచ్చిన అప్పు, క్లయింట్ డాలర్లు ఒకే ఖాతాలో కలిస్తే ప్రతి జమకూ కథ చెప్పుకోవాలి.

అమ్మానాన్నల ఖాతాకు పిల్లలు పంపే డబ్బు సంగతి వేరు. కొడుకో కూతురో తల్లిదండ్రులకు ఇచ్చినది బంధువు ఇచ్చిన కానుక కిందికి వస్తుంది, ఎంతైనా వాళ్ల చేతిలో పన్ను పడదు. అక్కడ P1301 ఉండటమే సరైనది, రెమిటెన్స్ యాప్ చాలు, స్విఫ్ట్ అనవసరం. యాప్ ఇచ్చిన రసీదు, జమ పడిన పేజీ దాచుకుంటే మామూలుగా సరిపోతుంది. ఆ డబ్బుతో స్థలం కొంటున్నా, వీసా కోసం బ్యాలెన్స్ చూపిస్తున్నా ఎఫ్‌ఐఆర్‌ఏ కూడా తెప్పించండి. వీసాకు వారం ముందు పది లక్షలు ఒక్కసారి వేయడం కన్నా, ఖర్చు కొడుకే పెట్టుకుంటున్నాడని చెప్పి అతని జీతం పత్రాలు, బ్యాంకు స్టేట్‌మెంట్ పెట్టడం మేలు. కౌంటరులో నగదుగా తీసుకునే మనీ ట్రాన్స్‌ఫర్ పద్ధతి కూడా ఇంటి ఖర్చులకే. ఒక్కో విడతకు 2,500 డాలర్లు, ఒక మనిషికి ఏడాదికి 30 విడతలు మించవు, 50,000 రూపాయలు దాటితే నగదు ఇవ్వరు. వ్యాపారపు డబ్బు ఆ దారిలో తెప్పించకూడదని రిజర్వ్ బ్యాంకు నిబంధనే ఉంది, కాబట్టి క్లయింట్ "కౌంటర్‌కు పంపేస్తాను, వెళ్లి తీసుకో" అంటే వద్దనండి.